నోట్ కదలకముందే

2017లో నేను కృష్ణపట్నం రేవు చుట్టుపక్కల ఉన్న బొగ్గు కరెంటు ప్లాంట్లలో ఒకదానిలో బాయిలర్ డెస్క్ ఇంజనీరుగా చేస్తుండేవాణ్ణి. కాపురం నెల్లూరు వేదాయపాళెంలో. షిఫ్టు బస్సు ముత్తుకూరు మీదుగా పోయేది. రోడ్డుకు రెండు పక్కలా రొయ్యల గుంటలు, వాటిమీద తిరిగే ఏరేటర్ల చప్పుడు, ఆ తర్వాత దూరంగా పొగ గొట్టాలు. రేవు నుంచి ప్లాంట్లకు బొగ్గు మోసే కన్వేయర్లు రోడ్డు దాటుతూ కనిపిస్తే డ్యూటీ దగ్గరపడ్డట్టే.

ఆ వేసవిలోనే ఉత్తర కోస్తాలో ఒక కర్మాగారం సొంత పవర్ ప్లాంటుకి షిఫ్ట్ ఇంచార్జులు కావాలని హైదరాబాదు కన్సల్టెన్సీ ఒకటి నన్ను పిలిచింది. నాకు అమ్మానాన్నల దగ్గరికి వెళ్ళిపోవాలని ఉంది. వాళ్ళ ఊరు ఆ కర్మాగారానికి రెండు గంటల దూరం. ఫోన్లో మొదటి ఇంటర్వ్యూ అయింది. రెండోది ప్లాంటులోనే, ముగ్గురు పెద్దలు కూర్చుని చేశారు. అందులో ఆపరేషన్స్ హెడ్ మొదట అడిగిందే, "బీఓఈ ఉందా?" అని.

బీఓఈ అంటే బాయిలర్ ఆపరేషన్ ఇంజనీర్ సర్టిఫికెట్. రాష్ట్ర బాయిలర్ల శాఖ పరీక్ష పెట్టి ఇస్తుంది. 2011లో వచ్చిన నిబంధనల ప్రకారం రాతపరీక్ష ఉంటుంది, ఆ తర్వాత ఎదురుగా కూర్చోబెట్టి అడిగే ప్రశ్నలుంటాయి. డిగ్రీ ఉంటే చాలదు, బాయిలర్ మీద పనిచేసిన అనుభవం చూపించాలి. మావి లాంటి పెద్ద బాయిలర్లు ఈ సర్టిఫికెట్ ఉన్నవాళ్ళ చేతికింద నడవాలన్నది చట్టం మాట. అప్పటికి 1923 నాటి బాయిలర్ల చట్టమే అమల్లో ఉంది. 2025లో దాని స్థానంలో కొత్త చట్టం వచ్చింది.

"రాత అయింది సార్, పాసయ్యాను. ఓరల్ కూడా పోయిన నెలలో అయింది. ఫలితం రావాలి," అన్నాను. ఆయన తన కాగితం మీద ఏదో రాసుకున్నారు. అప్లికేషన్ ఫారంలో కూడా నేను అంతే రాశాను: రాత పాస్, ఓరల్ హాజరయ్యాను, ఫలితం రాలేదు. ఆ గడిలో నా స్నేహితులు కొందరు ఏకంగా "బీఓఈ" అని రాసేస్తారు, ఎలాగూ వస్తుంది కదా అని. రాకపోతే? ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ నంబరు అడిగిన క్షణంలోనే మిగతా ఫారం మొత్తం మీద అనుమానం పడుతుంది.

ఓరల్లో నన్ను అడిగిన ప్రశ్న ఒకటి ఇప్పటికీ గుర్తుంది. గేజ్ గ్లాసులో నీళ్ళు కనబడటం లేదు, పైనా లేవు, కిందా లేవు. ఏం చేస్తావు? తెలియనివాడు వెంటనే పంపు పెంచుతానంటాడు. ఎర్రగా కాలిన గొట్టాల్లోకి చల్లని నీళ్ళు వదిలితే ఏమవుతుందో బాయిలర్ దగ్గర ఉన్నవాడికి తెలుసు. ముందు మంట ఆపాలి. నీళ్ళు అసలు ఎంతున్నాయో తేలకుండా ఫీడు వాల్వు ముట్టుకోకూడదు. ఆ జవాబు చెప్పేటప్పుడు నా గొంతు వణకలేదు, ఎందుకంటే అంతకు ముందు ఏడాది ఒక రాత్రి షిఫ్టులో డ్రమ్ము లెవెల్ చూపించే మీటర్లలో రెండు ఒకదానికొకటి పొంతన లేకుండా చూపిస్తే, మా షిఫ్ట్ ఇంచార్జి మరో మాట లేకుండా బాయిలర్ ట్రిప్ చేయడం కళ్ళారా చూశాను.

ఆ షిఫ్ట్ ఇంచార్జినే మేమంతా అన్న అని పిలిచేవాళ్ళం. కోవూరు మనిషి. గెజిటెడ్ సంతకాలు ఎవరు పెడతారు, ఇన్‌స్పెక్టరు ఏ కాగితం అడుగుతాడు, హెచ్‌ఆర్ వాళ్ళ ఫైలు ఏ టేబుల్ మీద ఎన్ని రోజులు పడుకుంటుంది, ఇలాంటివన్నీ ఆయనకు తెలుసు. ఈ కథలో నాకు దారి చూపించింది ఆయనే.

రెండో ఇంటర్వ్యూ అయిన తర్వాత కన్సల్టెన్సీ మేడమ్ ఫోన్ చేసి, "ప్యానెల్ బాగానే రాసింది సార్, ఇంకా ఇద్దరిని చూడాలి, ఆ తర్వాత కంపారిటివ్ తయారు చేస్తారు," అని చెప్పింది. ఆ మాట నేను పెద్దగా పట్టించుకోలేదు. అన్నకు చెబితే ఆయన మాత్రం అక్కడే ఆగాడు.

"కంపారిటివ్ అంటే ఏందనుకున్నావబ్బయ్యా? ఒకే కాగితం మీద మీ నలుగురి పేర్లు, చదువు, అనుభవం, సర్టిఫికెట్లు, ఇప్పటి జీతం, అడిగే జీతం, నోటీసు పీరియడ్, అన్నీ గడులు గీసి పెడతారు. ప్యానెల్ మార్కులు చివర్న. దానిమీద ప్లాంట్ హెడ్ సంతకం చేస్తాడు. అప్పుడు గ్రేడు రాసి నోట్ పెడతారు. ఆ నోట్ ఫైనాన్సుకి, అక్కణ్ణించి హెడ్డాఫీసుకి పోతుంది. పోయినాక నువ్వు ఐఏఎస్ పాసయ్యావని చెప్పినా ఆ కాగితంలో ఎక్కదు. ఎక్కించాలంటే కొత్త నోట్ పెట్టాలి. ఎవరు పెడతారు నీకోసం?"

అప్పుడు నాకు అర్థమైంది, మధ్యలో చెప్పే కబురుకి విలువ ఆ కబురు ఎంత గొప్పదన్న దాన్నిబట్టి రాదని. ఆ కాగితంలో ఒక గడి ఇంకా ఖాళీగా ఉండాలి, ఆ గడి నింపే అధికారం ఇంకా ఎవరి చేతిలోనో ఉండాలి. ఆ రెండూ ఉన్నంతసేపే దానికి బలం.

ఫలితం వచ్చింది ఒక సాయంత్రం, నేను బీ షిఫ్టులో ఉండగా. జాబితాలో హాల్ టికెట్ నంబర్లు మాత్రమే ఉన్నాయి. నా నంబరు ఉంది. కంట్రోల్ రూములో అందరూ చేతులు కలిపారు, క్యాంటీన్ నుంచి టీ తెప్పించారు. నేను అక్కడికక్కడే ఫోన్ తీసి మేడమ్‌కి మెసేజ్ పెట్టబోయాను. అన్న ఆపాడు.

"షిఫ్టు దిగినాక కూర్చుని రాయి. నంబరు కనబడింది, సర్టిఫికెట్ రాలేదు. రెండూ ఒకటి కాదు. ఏది వచ్చిందో అదే రాయి."

రాత్రి ఇంటికెళ్ళి కూర్చున్నాను. ముందు ఎవరికి రాయాలన్నది తేల్చుకోవాల్సి వచ్చింది. నన్ను పంపింది కన్సల్టెన్సీ. కంపెనీ హెచ్‌ఆర్ ఆఫీసరు ఇంటర్వ్యూ కాల్ లెటరు నాకు నేరుగానే మెయిల్ చేశాడు. నేరుగా ఆయనకే రాస్తే మేడమ్ చిన్నబుచ్చుకుంటుంది. పైగా అభ్యర్థి ఎవరి ద్వారా వచ్చాడన్న లెక్క కన్సల్టెన్సీలకు చాలా ముఖ్యం, వాళ్ళ ఫీజు దాని మీదే ఉంటుంది. ఆమెకే రాస్తే, ఆమె చూసి పంపేదాకా ఆగాలి. చివరికి ఆ కాల్ లెటరు మెయిల్‌కే జవాబుగా రాసి, మేడమ్‌ని ప్రధాన చిరునామాలో, ఆయన్ని కాపీలో పెట్టాను. అదే మెయిల్ వరస కాబట్టి ఉద్యోగం రిఫరెన్స్ నంబరు సబ్జెక్టులో అలాగే ఉండిపోయింది. హెచ్‌ఆర్ వాళ్ళు మనుషుల పేర్లతో వెతకరు, ఆ నంబరుతో వెతుకుతారు. కొత్త సబ్జెక్టుతో "గుడ్ న్యూస్" అని రాస్తే ఆ మెయిల్ ఏ ఫైలుకీ అంటుకోకుండా మిగిలిపోతుంది.

మెయిల్ ఇంగ్లీషులోనే రాశాను. అందులో ఉన్నది ఇంతే:

"ఇంటర్వ్యూ నాటికి నా బీఓఈ ఓరల్ ఫలితం రాలేదని చెప్పాను. ఈ రోజు ఫలితం వచ్చింది, ఉత్తీర్ణుణ్ణయ్యాను. ఫలితాల జాబితాలో నా నంబరున్న పేజీ, నా హాల్ టికెట్ జతచేస్తున్నాను. సర్టిఫికెట్ ఇంకా చేతికి రాలేదు, రాగానే నంబరుతో సహా పంపుతాను. షిఫ్ట్ ఇంచార్జి పోస్టుకి బాయిలర్ల చట్టం కింద కావలసిన అర్హత ఇది కాబట్టి, నా దరఖాస్తులో చట్టబద్ధ అర్హతల గడిలో ఈ మార్పు నమోదు చేయగలరు. మిగతా వివరాల్లో మార్పు లేదు."

ఆ తర్వాత చిన్న వాక్యం ఒకటి చేర్చాల్సి వచ్చింది. హాల్ టికెట్ మీద నా పేరు టెన్త్ సర్టిఫికెట్లో ఉన్నట్టు, ఇంటి పేరు పొడి అక్షరంగా ముందు ఉంటుంది. ఆధార్‌లో ఇంటి పేరు పూర్తిగా ఉంటుంది, అది కూడా చివర్న. దరఖాస్తు ఆధార్ ప్రకారం నింపాను. మన తెలుగువాళ్ళ పేర్లకి ఈ బెడద ఎప్పుడూ ఉండేదే. రేపు వెరిఫికేషన్ చేసే ఏజెన్సీ కుర్రాడు బెంగళూరులో కూర్చుని ఈ రెండు పేర్లూ ఒక మనిషివేనా అని ఆపేస్తే ఎవరికీ కోపం రాకూడదు. అందుకే రెండు రూపాలూ రాసి, ఇద్దరూ నేనేనని చెప్పాను.

రాసింది అన్నకు వాట్సాప్‌లో పంపాను. ఆయన అప్పుడే భోంచేస్తున్నట్టున్నాడు, కాసేపాగి ఫోన్ చేశాడు. జీతం సంగతి అందులో లేనందుకు సంతోషించాడు. "ఉంటే దాన్నే చూస్తారు. పాసైన సంగతి పక్కకు పోయి, వీడు రేటు పెంచాడన్న మాట మిగులుద్ది," అన్నాడు. ఒక్క వాక్యం మీద మాత్రం చాలాసేపు మాట్లాడాడు. చట్టం కింద కావలసిన అర్హత అన్న వాక్యం. దాన్ని కాస్త విప్పమన్నాడు.

ఎందుకో చెప్పాడు. మేడమ్ రోజూ పది రకాల ఉద్యోగాలు చూస్తుంది. మందుల కంపెనీకి కెమిస్టు, రేవుకి క్రేన్ ఆపరేటరు, మాకు బాయిలర్ ఇంజనీరు. ఆమెకు బీఓఈ ఇంకో శిక్షణ సర్టిఫికెట్ లాగే కనిపిస్తుంది. కంపెనీకి మాత్రం అది మనిషి అవసరం. రోజుకు మూడు షిఫ్టులు, వారాంతపు సెలవులకి రిలీఫ్ ఒకరు, అంటే తక్కువలో తక్కువ నలుగురు సర్టిఫికెట్ ఉన్నవాళ్ళు ఉంటేనే ఒక బాయిలర్ నడుస్తుంది. అందులో ఒకరికి జ్వరమొచ్చినా, ఇంకొకరు రాజీనామా చేసినా జనరల్ షిఫ్టులో ఉన్న పెద్దాయన రాత్రి డ్యూటీకి రావాలి. బాయిలర్ సర్టిఫికెట్ ఏడాదికోసారి రెన్యూవల్‌కి ఇన్‌స్పెక్టరు వచ్చినప్పుడు, నడిపేవాళ్ళ సర్టిఫికెట్లు కూడా అడుగుతాడు. అంటే నేను చేరిన రోజు నుంచే వాళ్ళ రోస్టర్‌లో ఒక పేరుగా లెక్కకొస్తానా, లేక ఇంకో ఏడాది డెస్కులో కూర్చోబెట్టి సర్టిఫికెట్ వచ్చేదాకా చూడాలా అన్నది తేలిపోయే కబురు ఇది. ఆ సంగతి ఆమెకు తెలిస్తేనే హెచ్‌ఆర్‌కి గట్టిగా చెప్పగలదు.

అందుకని వాక్యం మార్చాను: "చేరిన రోజు నుంచే షిఫ్టు రోస్టర్‌లో సర్టిఫికెట్ ఉన్న ఇంజనీరుగా నా పేరు వేసుకోవడానికి వీలవుతుంది, సర్టిఫికెట్ కాపీ చేతికి రావడమే మిగిలింది." మెయిల్ ఆ రాత్రే వెళ్ళింది.

పొద్దున పదకొండు దాటాక మేడమ్‌కి ఫోన్ చేశాను. మెయిల్ చూడలేదట. ఫోన్లో ఉండగానే తెరిచి చదివింది. "అయ్యో సార్, మంచి టైముకు చెప్పారు, కంపారిటివ్ శనివారం వెళ్తోంది. ఇప్పుడే హెచ్‌ఆర్‌కి ఫోన్ చేస్తాను," అంది. తర్వాత అడిగింది, "అయితే ఎక్స్‌పెక్టేషన్ మారిందా సార్?"

ఆ ప్రశ్న తప్పకుండా వస్తుందని అన్న ముందే చెప్పాడు. "దాని సంగతి ఆఫర్ మాట్లాడేటప్పుడు చూద్దాం మేడమ్, ఆ కంపెనీలో బీఓఈకి అలవెన్సు పాలసీ ఉంటే అదెలాగూ వర్తిస్తుంది కదా," అన్నాను. చాలా ప్లాంట్లలో సర్టిఫికెట్ ఉన్నవాళ్ళకి నెలకింత అని విడిగా ఇస్తారు. ఉన్న పాలసీని అడగడం బేరం కిందికి రాదు.

ఇంతవరకూ సాఫీగానే సాగింది. చిక్కు ప్రమోషన్‌తో వచ్చింది.

మా ప్లాంటులో ఏటా ప్రమోషన్లు ఏప్రిల్ ఒకటి నుంచి అమలు. ఉత్తర్వులు చేతికొచ్చేసరికి జూన్, జూలై అవుతుంది. మెయిల్ పంపిన వారానికే నాకు కవరు ఇచ్చారు. సీనియర్ ఇంజనీరు నుంచి అసిస్టెంట్ మేనేజరు. జీతం కొంచెం పెరిగింది. కవరులో రెండో పేజీ కింద, చిన్న అక్షరాల్లో, కొత్త హోదాకి నోటీసు పీరియడ్ మూడు నెలలు అని ఉంది. అంతకు ముందు రెండు నెలలు.

ఇలాంటి సంగతి చాలామంది మంచివైపు సగమే చెబుతారు. హోదా పెరిగిందని రాస్తారు, నోటీసు సంగతి చేరే ముందు బయటపెడతారు. నేనూ ఒక రాత్రంతా ఆలోచించాను. వాళ్ళకి నవంబరులో బాయిలర్ వార్షిక మరమ్మతుల షట్‌డౌన్ ఉంది, అంతకు ముందే మనిషి కావాలని ఇంటర్వ్యూలోనే అన్నారు. మూడు నెలలంటే వాళ్ళ లెక్క తప్పుతుంది. చెబితే నన్ను పక్కన పెట్టి, నోటీసు తక్కువున్న ఇంకొకణ్ణి తీసుకోవచ్చు.

చెప్పకుండా ఉండటం కుదరదని తేల్చుకోవడానికి కారణం వెరిఫికేషనే. ఆఫర్ ఇచ్చాక పాత కంపెనీకి రాసి హోదా, జీతం, చేరిన తేదీ, నోటీసు అన్నీ సరిచూసుకుంటారు. నేను ఫారంలో సీనియర్ ఇంజనీరు అని రాశాను. అక్కడి నుంచి అసిస్టెంట్ మేనేజర్ అని జవాబు వస్తుంది. పెరిగిన హోదా అయినా తేడా తేడానే. ఆ తేడాకి వివరణ అడుగుతూ ఫైలు ఆగుతుంది. అంటే ప్రమోషన్ వచ్చిందని చెప్పడం నా గొప్ప కోసం కాదు, ఫారం నిజంగా ఉండటానికి. మంచి కబురుతోపాటు మూడు నెలల సంగతీ ఒకే మెయిల్‌లో పోవాల్సిందే.

ఈసారి మెయిల్ ఇంకా చిన్నది. ఏప్రిల్ ఒకటి నుంచి అమలయ్యేలా హోదా మారింది, ఉత్తర్వు ఫలానా తేదీన అందింది, కొత్త జీతం ఇంత, నోటీసు రెండు నెలల నుంచి మూడు నెలలైంది, ఫారంలో ఈ గడులు మార్చగలరు. ఉత్తర్వు మొదటి పేజీ మాత్రమే జతచేశాను, అందులోనూ ఇతరుల పేర్లున్న భాగం లేకుండా. కంపెనీ లోపలి కాగితాలు బయటికి పంపడంలో ఎంత అవసరమో అంతే.

మేడమ్ గొంతులో మొదటిసారి ఇబ్బంది వినిపించింది. "మూడు నెలలంటే కష్టం సార్. బై-అవుట్ ఉంటుందా?" మా దగ్గర నోటీసు బదులు జీతం కట్టి ముందే వెళ్ళే పద్ధతి ఉంది, కానీ షిఫ్టు మనుషులకి అది మేనేజ్‌మెంట్ ఇష్టం. ఉంటుందని మాట ఇవ్వలేను. "రిలీవింగ్ మా ప్లాంట్ హెడ్ చేతిలో ఉంది మేడమ్. నా చేతిలో ఉన్నది చెబుతాను, నాకు మిగిలిన సెలవులు సర్దుబాటు చేస్తే కొన్ని రోజులు తగ్గుతాయి," అన్నాను. ఎన్ని రోజులో సెలవుల పుస్తకం చూసి మర్నాడు పంపాను.

ఆ తర్వాత నాలుగు వారాలు ఏ కబురూ లేదు. ఇంట్లో రోజూ అడుగుతున్నారు. నేను మళ్ళీ మెయిల్ పెట్టలేదు. మొదటిసారి మేడమ్ "ఈ నెలాఖరుకి తెలుస్తుంది" అని చెప్పింది కాబట్టి నెలాఖరు దాటాక ఒక్కసారి ఫోన్ చేశాను. అదే నెలలో బీఓఈ సర్టిఫికెట్ కూడా చేతికొచ్చింది. దాని నంబరు, తేదీ, స్కాన్ కాపీ పాత మెయిల్ వరసకే జతచేసి పంపాను. ముందు ఇచ్చిన మాట అది. చెప్పాల్సినవి అంతటితో అయిపోయాయి. ప్లాంటులో నాకు ఆ సంవత్సరం భద్రతా వారోత్సవాల్లో బహుమతి కూడా వచ్చింది. దాన్ని రాయలేదు. దానికి వాళ్ళ కాగితంలో గడి లేదు.

ఆఫర్ వచ్చింది. గ్రేడు మాత్రం మొదట అనుకున్నదే. ప్రమోషన్ కబురు వెళ్ళేసరికి నోట్ హెడ్డాఫీసుకి వెళ్ళిపోయింది, దాన్ని వెనక్కి తెప్పించలేదు. బీఓఈ కబురు మాత్రం శనివారం కాగితంలో ఎక్కింది. అలవెన్సు వాళ్ళ పాలసీ ప్రకారం కలిపారు, నోటీసు కోసం షట్‌డౌన్ వరకూ జనరల్ షిఫ్టు పెద్దాయన్ని రోస్టర్‌లో ఉంచారు. నేను డిసెంబరులో చేరాను. చేరిన రోజే ఆపరేషన్స్ హెడ్ తన అరలోంచి ఒక ఫైలు తీసి, ఇన్‌స్పెక్టరుకి చూపించే సర్టిఫికెట్ల జాబితాలో నాది నాలుగోది చేశారు.

ఇదంతా మళ్ళీ గుర్తుకు తెచ్చింది 2022. అప్పటికి నేను బల్లకి అవతలి పక్క, ఇంటర్వ్యూ చేసేవాళ్ళలో ఉన్నాను. నెల్లూరులో నాకంటే చిన్నవాడు, మా పాత ప్లాంటులో నాతో పనిచేసి తర్వాత కమిషనింగ్ కాంట్రాక్టు కంపెనీలో చేరినవాడు, నేలటూరులోని దామోదరం సంజీవయ్య కేంద్రం మూడో యూనిట్ దగ్గర పనిచేస్తున్నాడు. 800 మెగావాట్ల యూనిట్. 2022 అక్టోబరు 27న ముఖ్యమంత్రి వచ్చి దాన్ని జాతికి అంకితం చేశారు. ఆ రాత్రే వీడు నాకు ఫోన్ చేశాడు. వాడికి గల్ఫ్‌లో ఒక కంపెనీతో రెండో ఇంటర్వ్యూ అయింది, మూడోదానికి ఎదురు చూస్తున్నాడు.

"అన్నా, మా యూనిట్ ప్రారంభమైంది కదా, ఎనిమిది వందల మెగావాట్లు కమిషన్ చేశానని వాళ్ళకి రాయనా? పేపర్లో వచ్చిన ఫోటో కూడా పంపుతాను."

వద్దన్నాను. కరెంటు వాళ్ళ భాషలో సింక్రనైజేషన్ వేరు, ఫుల్ లోడ్ వేరు, సీఓడీ వేరు. యూనిట్ గ్రిడ్‌తో మొదటిసారి కలవడం సింక్రనైజేషన్. పూర్తి సామర్థ్యం అందుకోవడం ఫుల్ లోడ్. 72 గంటలు ఏకబిగిన ట్రయల్ రన్‌లో నిలబడి చూపించిన తర్వాత వాణిజ్య ఉత్పత్తి మొదలైందని ప్రకటించే తేదీ సీఓడీ. పెద్దలు వచ్చి అంకితం చేసే సభ తేదీ వీటిలో ఏదీ కానక్కర్లేదు. అవతల ఉన్నది బాయిలర్ మనిషైతే, "కమిషన్ చేశాను" అన్న మాట చూడగానే, వీటిలో ఏది, ఏ తేదీన, అందులో నీ పనేంటి అని అడుగుతాడు. ఆ మూడు ముందే రాసేస్తే అడగడానికి మంచి ప్రశ్నలు మిగులుతాయి.

"నువ్వు చేసిందేంది?" అని అడిగాను.

"స్టీమ్ బ్లోయింగ్ మొత్తం నేనే చూశానన్నా. టార్గెట్ ప్లేట్లు నేనే తీసి చూసేవాణ్ణి."

స్టీమ్ బ్లోయింగ్ అంటే కొత్త బాయిలర్ నుంచి టర్బైన్‌కి వెళ్ళే ఆవిరి గొట్టాల్లో వెల్డింగ్ తుక్కు, తుప్పు ఏమీ మిగలకుండా ఆవిరినే గట్టిగా ఊది బయటికి పంపడం. ఆ ఆవిరి దారిలో నునుపు చేసిన లోహపు పలక ఒకటి పెడతారు. ఎగిరొచ్చిన రవ్వలు దానిమీద గుంటలు పెడతాయి. ప్రతిసారీ పలక మార్చి, దీపం కింద పట్టుకుని గుంటలు లెక్కపెడతారు. గుంటలు అనుమతించినంతకి తగ్గేదాకా ఊదుతూనే ఉంటారు. ఆ పని చేసినప్పుడు నేలటూరు చుట్టుపక్కల ఊళ్ళలో నిద్ర ఉండదు, అంత చప్పుడు.

అదే రాయమన్నాను. యూనిట్ పేరు, సామర్థ్యం, పత్రికల్లో బహిరంగంగా వచ్చిన అంకితం తేదీ ఒక వాక్యం. స్టీమ్ బ్లోయింగ్‌లో తన బాధ్యత ఎక్కడి నుంచి ఎక్కడిదాకా అన్నది ఇంకో వాక్యం. కంట్రోల్ రూమ్ స్క్రీన్ ఫోటోలు, పలకల ఫోటోలు పంపొద్దన్నాను. అవి వాడివి కావు, యూనిట్ వాళ్ళవి. కావాలంటే పని చేసినట్టు కంపెనీ ఇచ్చే అనుభవ పత్రం అడిగి పెట్టుకోమన్నాను. చివర్న, కాంట్రాక్టు ముగిసే తేదీ, అంటే తను ఎప్పటికి ఖాళీ అవుతాడో, అడగకముందే రాయమన్నాను.

"అదెందుకన్నా, అది వాళ్ళు అడిగినప్పుడు చెప్తా కదా," అన్నాడు.

"మంచి కబురు చదవగానే వాళ్ళకి వచ్చే రెండో ఆలోచన అదేరా. ఇంకో ఆరు నెలలు నిన్ను వాళ్ళు వదలరేమో అనుకుంటారు," అన్నాను.

వాడు నాలుగు వాక్యాల మెయిల్ రాసి నాకు చూపించి పంపాడు. మూడో ఇంటర్వ్యూ వీడియోలో పెట్టారు. మొదటి ఇరవై నిమిషాలు వాళ్ళు మూడో యూనిట్ గురించి ఏమీ అడగలేదట, పలక మీద గుంటలు తగ్గకుండా ఒకే చోట ఆగిపోతే ఏం చేశావని మాత్రం అడిగారట. వాడు బాయిలర్‌ని చల్లారనిచ్చి మళ్ళీ వేడి చేసి ఊదడం గురించి చెప్పాడు. వేడీ చల్లదనాల మధ్య లోహం సాగి ముడుచుకున్నప్పుడే గోడలకి అంటుకున్న పొలుసు ఊడి వస్తుంది. ఆ జవాబు మీదే మిగతా సంభాషణంతా నడిచిందని, నెల్లూరు ఆత్మకూరు బస్టాండు దగ్గర టీ కొట్టులో కూర్చుని ఫోన్లో చెబుతుంటే, వెనక బస్సుల హారన్లలో సగం మాటలు నాకు వినిపించలేదు. ఆఫర్ వచ్చిందన్న మాట మాత్రం వినిపించింది. చేరే తేదీ వాడు మెయిల్‌లో రాసిందే వేశారట.